చిన్న ఆట ఇన్‌స్టాలర్‌ను విండోస్ ఆపితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దరు ముగ్గురు కలిసి తయారుచేసే చిన్న ఆటలంటే నాకు ప్రాణం. విడుదలకు ముందు కొన్నింటిని ఆడి చూసి, లోపాలు చెబుతుంటాను. కొత్త ఆట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు విండోస్ చూపిన అదే నీలం హెచ్చరిక తెరను ఫొటో తీసి పంపి, అవే సందేహాలు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. ఇదంతా విండోస్ 10, 11 గురించి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## హెచ్చరిక కనిపించగానే

"Windows protected your PC" అని నీలం తెర వచ్చింది. అంటే ఆటలో వైరస్ ఉన్నట్టేనా?

కాదు. "ఈ ఫైలు గురించి నాకు తెలియదు" అని మాత్రమే ఆ తెర చెబుతోంది. దాని వెనక ఉన్నది స్మార్ట్‌స్క్రీన్ అనే విభాగం. మీరు ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ప్రోగ్రామును తెరవబోతే, దాని వేలిముద్ర లాంటి హ్యాష్ విలువను, దానిపై తయారుచేసినవారు ఎవరో చెప్పే డిజిటల్ సంతకం ఉంటే ఆ సంతకాన్ని మైక్రోసాఫ్ట్ దగ్గరున్న సమాచారంతో పోల్చి చూస్తుంది. చాలామంది ఇబ్బంది లేకుండా వాడిన ఫైలైతే వదిలేస్తుంది. చెడ్డదని తేలిన ఫైలైతే గట్టిగా ఆపుతుంది. ఏ సమాచారమూ లేకపోతే ఈ నీలం తెర చూపిస్తుంది.

తెర మీది వాక్యంలో "unrecognized app" అన్న మాట గమనించండి. ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని కాపలాదారు గేటు దగ్గర ఆపి వివరాలు అడగడం లాంటిదిది. వచ్చినవాడు దొంగ అని అతను అనడం లేదు, మంచివాడని హామీ కూడా ఇవ్వడం లేదు. ఆ తేల్చే పనిని మీకు అప్పగిస్తున్నాడు. నూటయాభై మంది మాత్రమే దించుకున్న నిజాయతీ ఆటకూ, నిన్న రాత్రి తయారైన దొంగ ప్రోగ్రాముకూ ఒకే తెర వస్తుంది. కాబట్టి తెరను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

అదే ఫైలు మా స్నేహితుడి దగ్గర ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంది. నాకే ఎందుకు వచ్చింది?

బ్రౌజర్ ఏ ఫైలు దించినా దానికి "ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చింది" అని ఒక గుర్తు తగిలిస్తుంది. స్మార్ట్‌స్క్రీన్ ఈ పరిశీలన మొదలుపెట్టేది ఆ గుర్తు చూసే. సాధారణంగా పెన్‌డ్రైవ్‌లలో ఫైళ్లు భద్రపరచడానికి వాడే ఎఫ్ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఆ గుర్తు నిలవదు. మీ స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని ఉంటే అతని కంప్యూటర్‌కు అది ఎప్పటినుంచో అక్కడే ఉన్న ఫైలులా కనిపిస్తుంది. జిప్ విప్పే కొన్ని సాఫ్ట్‌వేర్లు కూడా లోపలి ఫైళ్లకు గుర్తును అందించవు. అతనికి హెచ్చరిక రాలేదన్నది ఫైలు మంచిదనడానికి సాక్ష్యం కాదు. అతని కంప్యూటర్ అసలు అడగనే లేదు.

పాత వెర్షన్ మామూలుగానే తెరుచుకుంది. అదే ఆట కొత్త వెర్షన్‌ను ఎందుకు ఆపుతోంది?

సంతకం లేని ఆటకు మంచి పేరు ఫైలును బట్టి వస్తుంది, ఆట పేరును బట్టి కాదు. డెవలపర్ ఒక్క అక్షరదోషం సరిదిద్ది మళ్లీ ఇన్‌స్టాలర్ తయారుచేసినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. స్మార్ట్‌స్క్రీన్ దృష్టిలో అది నిన్నటి ఫైలుతో ఏ సంబంధమూ లేని కొత్త ఫైలు. అందుకే తరచూ సవరణలు విడుదల చేసే శ్రద్ధగల డెవలపర్లకే ఈ బాధ ఎక్కువ. విడుదలైన రోజు హెచ్చరిక చూపిన ఫైలే, దించుకున్నవారు పెరిగాక మౌనంగా తెరుచుకోవడం కూడా మామూలే.

స్టీమ్‌లో దించుకున్న ఆటలకు ఇలా రాదు కదా. స్టీమ్ బయట ఉన్నవన్నీ ప్రమాదమేనా?

స్టీమ్‌లో ఫైళ్లను దించేది బ్రౌజర్ కాదు, స్టీమ్ సొంత ప్రోగ్రాము. అలా వచ్చిన ఫైళ్లకు ఇంటర్నెట్ గుర్తు ఉండదు కాబట్టి నీలం తెర రాదు. స్టీమ్ లాంటి ఆటల దుకాణం చేసే పరిశీలన వేరు, విండోస్ చేసే పరిశీలన వేరు.

హెచ్చరిక లేకపోవడం భద్రత కాదనడానికి పైరేట్‌ఫై ఉదంతం చాలు. 2025 ఫిబ్రవరిలో స్టీమ్‌లోనే విడుదలైన ఈ ఉచిత ఆటలో పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాము ఉందని బయటపడింది. స్టీమ్ దాన్ని తొలగించి, ఆడినవారికి హెచ్చరికలు పంపింది.

నీలం తెర కాకుండా, ఏదో వైరస్ పేరుతో ఫైలును తీసేసినట్టు చూపిస్తోంది. అదీ ఇలాంటిదేనా?

అది పూర్తిగా వేరు. నీలం తెరది "తెలియదు" అనే మాట. విండోస్ సెక్యూరిటీ ఒక పేరు చెప్పి ఫైలును పక్కన పెడితే "ఇది ఫలానా చెడ్డదానిలా ఉంది" అంటున్నట్టు. దాన్ని మీరు సొంత నిర్ణయంతో తోసిపుచ్చకండి. పేరు చివర `!ml` ఉంటే అది నేర్చుకున్న లక్షణాలను బట్టి యంత్రం వేసిన అంచనా. ఇలాంటి అంచనాలు చిన్న ఆటల విషయంలో పొరబడుతుంటాయి. అయినా పొరపాటని తేల్చవలసింది మీరు కాదు. ఆ పేరును డెవలపర్‌కు పంపండి. డెవలపర్ ఫైలును మైక్రోసాఫ్ట్‌కు పంపి పునఃపరిశీలన కోరవచ్చు. అది పొరపాటని తేలితే ఆ గుర్తింపును తొలగిస్తారు. అప్పటిదాకా ఆగండి. "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అని ఆట పేజీలోనే రాసి ఉంటే, ఆ ఆటను వదిలేయండి.

"Run anyway" అన్న బటన్ నాకు కనిపించడమే లేదు. ఎక్కడుంటుంది?

మొదటి తెరలో పెద్దగా కనిపించేది "Don't run" ఒక్కటే. వాక్యం చివర చిన్న అక్షరాల్లో ఉన్న "More info" నొక్కితే ఫైలు పేరు, ప్రచురణకర్త పేరు, వాటితోపాటు "Run anyway" కనిపిస్తాయి.

అప్పటికీ లేకపోతే రెండు కారణాలు ఉండవచ్చు. అది కార్యాలయం ఇచ్చిన కంప్యూటరైతే నిర్వాహకులే ఆ అవకాశం తీసేసి ఉంటారు. అక్కడ దారులు వెతకకండి, సొంత కంప్యూటర్‌లో ఆడుకోండి. లేదా విండోస్ 11లో స్మార్ట్ యాప్ కంట్రోల్ అనే మరో రక్షణ పనిచేస్తూ ఉండవచ్చు. అది ఒక్కో ఫైలుకు మినహాయింపు ఇవ్వదు. దాన్ని ఆపేస్తే, విండోస్ 11 పాత వెర్షన్లలో విండోస్‌ను మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేస్తే తప్ప తిరిగి రాదు. ఒక్క ఆట కోసం ఆ పని చేయమని నేను ఎవరికీ చెప్పను.

## నొక్కే ముందు

"Publisher: Unknown publisher" అని ఉంది. పేరు కూడా చెప్పుకోని వాళ్లను ఎలా నమ్మాలి?

డెవలపర్ పేరు దాచుకున్నాడని దాని అర్థం కాదు. ఫైలుపై డిజిటల్ సంతకం లేదని అర్థం. ఆ సంతకం కోసం ఒక ధ్రువీకరణ సంస్థ దగ్గర గుర్తింపు పత్రాలు చూపించి సర్టిఫికెట్ కొనాలి. ఏటా వందల డాలర్లు అవుతుంది. 2023 జూన్ నుంచి సంతకం చేయడానికి వాడే రహస్య తాళంచెవిని ప్రత్యేక హార్డ్‌వేర్ పరికరంలోనే భద్రపరచాలన్న నియమమూ వచ్చింది. ఉచితంగా పంచే ఆటకు అంత ఖర్చు పెట్టలేని డెవలపర్లే ఎక్కువ.

సంతకం ఉన్నంత మాత్రాన నమ్మేయడమూ తప్పే. దొంగిలించిన సర్టిఫికెట్లతో సంతకం చేసిన దొంగ ప్రోగ్రాములు చాలాసార్లు బయటపడ్డాయి. సంతకం పరిస్థితి తెలుసుకోవాలంటే ఫైలు ఉన్న ఫోల్డర్‌లో, విండోస్‌కు ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్ తెరిచి, GameSetup.exe చోట మీ ఫైలు పేరు పెట్టి ఇలా అడగండి:

```
Get-AuthenticodeSignature .\GameSetup.exe | Format-List
```

`NotSigned` అని వస్తే చిన్న ఆటకు అది మామూలే. `Valid` అయితే సంతకంలోని పేరు డెవలపర్‌దేనా అని చూడండి. `HashMismatch` అని వస్తే సంతకం పెట్టిన తర్వాత ఫైలు మారిందన్నమాట. పాడై ఉండవచ్చు, ఎవరైనా మార్చి ఉండవచ్చు. రెండింటిలో ఏదైనా సరే, ఫైలును తెరవకుండా తీసేయండి.

ఈ ఫైలు నిజంగా ఆ డెవలపర్ పెట్టినదేనని ఎలా తెలుస్తుంది?

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మొదట పేజీని నిర్ధారించుకోండి. వెతుకులాటలో పైన వచ్చిన లింకును నమ్మకండి, ఆట పేరుతో దొంగ పేజీలు తయారుచేసేవారు ఉన్నారు. డెవలపర్ సొంత ఖాతా ఏదైనా ముందే తెలిసి ఉంటే, అక్కడున్న లింకు ద్వారా ఆట పేజీకి వెళ్లండి. ఆ పేజీకి గతం ఉందా? పాత సవరణల వివరాలు, ఆడినవారు చెప్పిన లోపాలు, వాటికి డెవలపర్ ఇచ్చిన జవాబులు ఉన్నాయా? నాలుగేళ్లుగా మాట్లాడుతున్న మనిషిని అనుకరించడం కష్టం. మొన్న పుట్టి, అందమైన బొమ్మలు మాత్రమే ఉన్న పేజీని అల్లడం తేలిక.

తర్వాత ఫైలునే అడగండి. బ్రౌజర్ తగిలించిన ఇంటర్నెట్ గుర్తులో తరచుగా మూలం చిరునామా కూడా ఉంటుంది:

```
Get-Content .\GameSetup.exe -Stream Zone.Identifier
```

`ZoneId=3` అంటే ఇంటర్నెట్ నుంచి వచ్చిందని. `ReferrerUrl` మీరు ఏ వెబ్‌సైటు నుంచి నొక్కారో, `HostUrl` ఫైలు ఏ సర్వర్ నుంచి దిగిందో చెబుతాయి. రెండోది ఏదో నిల్వ సర్వర్ పేరైనా కంగారు అక్కర్లేదు, పెద్ద వెబ్‌సైట్లు అలాగే పంపుతాయి. మొదటిది మాత్రం మీరు అనుకున్న వెబ్‌సైటే అయి ఉండాలి.

డెవలపర్ పేజీలో ఎస్‌హెచ్ఏ-256 అనే పద్ధతిలో లెక్కించిన హ్యాష్ విలువ ఇచ్చి ఉంటే దాన్నీ పోల్చండి:

```
Get-FileHash .\GameSetup.exe
```

వచ్చే 64 అక్షరాలూ సరిపోవాలి, పెద్దబడి చిన్నబడి అక్షరాల తేడా తప్ప ఇంకే ఒక్క తేడా ఉన్నా అది వేరే ఫైలే. అయితే ఈ పరీక్షకూ ఒక హద్దు ఉంది. పేజీని ఎవరైనా హస్తగతం చేసుకుంటే ఫైలుతోపాటు ఆ విలువనూ మార్చేస్తారు. అదే విలువను డెవలపర్ మరో ఖాతాలో కూడా ప్రకటించి ఉంటే దాని బలం పెరుగుతుంది.

వైరస్‌టోటల్ వెబ్‌సైటులో ఫైలు వేస్తే 70 యాంటీవైరస్‌లలో మూడు ఎరుపు చూపించాయి. మూడు ఎక్కువా, తక్కువా?

లెక్క కంటే ఎవరు, ఏమన్నారన్నది చూడండి. పెద్ద సంస్థలన్నీ మౌనంగా ఉండి, అంతగా పేరులేని రెండు మూడు మాత్రమే `Generic`, `Suspicious`, `ML` వంటి పొడిమాటలు చెబితే, అది చాలావరకు పొరపాటు గుర్తింపే. పైథాన్ భాషలో రాసి పైఇన్‌స్టాలర్ అనే సాధనంతో ఒకే ఫైలుగా కట్టిన ఆటలకు ఇది మరీ ఎక్కువ. ఆ కట్టే పద్ధతినే దొంగలూ వాడటంతో, పైతొడుగు చూసి కొన్ని యాంటీవైరస్‌లు లోపలున్నదాన్నీ అనుమానిస్తాయి.

పెద్ద సంస్థలు `Stealer`, అంటే దొంగ ప్రోగ్రాము, వంటి స్పష్టమైన పేరు చెబితే, చెప్పినది ఒక్క సంస్థైనా రెండైనా ఆ ఫైలును తీసేయాల్సిందే. సున్నా వచ్చినా పూర్తి హామీ కాదు, నిన్న తయారైన దొంగ ప్రోగ్రాము ఇంకా ఎవరికీ తెలిసి ఉండకపోవచ్చు. నేను విడుదలైన రోజునే చూసి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ చూస్తాను. పొరపాటు గుర్తింపులైతే తగ్గుముఖం పడతాయి, నిజమైనవైతే పెరుగుతాయి. ఒక జాగ్రత్త: అక్కడ వేసిన ఫైలు భద్రతా సంస్థలకు అందుబాటులోకి వెళుతుంది. విడుదల కాని ఆటను డెవలపర్ మీకు రహస్యంగా ఇస్తే, అడగకుండా వేయకండి.

డిస్కార్డ్‌లో బాగా తెలిసిన మిత్రుడే "నా ఆట ఒకసారి ఆడి చూడు" అని పంపాడు. అతన్నీ అనుమానించాలా?

అతన్ని కాదు, ఆ ఖాతాను అనుమానించండి. ఇది బాగా నడుస్తున్న మోసం. ముందు ఒకరి ఖాతా దొంగిలిస్తారు, తర్వాత అతని స్నేహితులందరికీ అతనే రాసినట్టు రాస్తారు. ఫైలు తరచుగా పాస్‌వర్డు పెట్టిన జిప్ రూపంలో ఉంటుంది, పాస్‌వర్డు సందేశంలోనే ఇస్తారు. అందరికీ చెప్పే పాస్‌వర్డు దేనికి? లోపల ఏముందో పరిశీలన సాఫ్ట్‌వేర్లు చూడలేకుండా చేయడానికే. నీలం తెర వస్తుందని ముందే చెప్పి "అది మామూలే, నొక్కేయి" అని తొందరపెడతారు.

ఆ మిత్రుడికి ఫోను చేయండి, డిస్కార్డ్‌లో కాదు, మామూలు ఫోను. "నువ్వు ఆట ఎప్పుడు మొదలుపెట్టావు?" అని అడిగితే అర నిమిషంలో తేలిపోతుంది.

ఇన్ని చూశాక చివరికి ఎలా నిర్ణయించాలి? మీరు తేల్చిన ఒక సందర్భం చెప్పండి.

మా అక్క కొడుకు ఒక పజిల్ ఆట కొత్త వెర్షన్ దించుకుని, నీలం తెర ఫొటో పంపాడు. "పిన్నీ, పోయినసారి ఇది రాలేదు" అన్నాడు. సవరణ విడుదలై మూడు గంటలే అయింది, కాబట్టి కొత్త హ్యాష్‌కు ఇంకా పేరు రాలేదన్నది సహజంగానే ఉంది. ఫైలు గుర్తులో `ReferrerUrl` మేం అనుకున్న వెబ్‌సైటునే చూపించింది. పేజీకి మూడేళ్ల సవరణల చరిత్ర ఉంది. సంతకం `NotSigned`, వాడి దగ్గరున్న పాత ఇన్‌స్టాలర్‌కూ అంతే. పరిమాణం పాతదానికంటే నాలుగు ఎంబీ ఎక్కువ, రెండు కొత్త దశలు చేర్చామని డెవలపర్ రాసినదానికి అది సరిపోయింది. హ్యాష్ విలువ పేజీలో లేదు. అడిగితే డెవలపర్ తన మరో ఖాతా నుంచి పంపారు, కలిసింది. వైరస్‌టోటల్‌లో రెండు పొడిమాటల గుర్తింపులు ఉంటే, మర్నాటికి ఒకటే మిగిలింది. అప్పుడు "Run anyway" నొక్కమన్నాను.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు. అన్నీ ఒకే కథ చెబుతున్నాయా అన్నదే నేను చూసేది. పరిమాణం నాలుగు ఎంబీకి బదులు సగానికి సగం తగ్గి ఉంటే, మిగతావన్నీ బాగున్నా ఆగి డెవలపర్‌ను అడిగేదాన్ని.

## నడిపేటప్పుడు

ప్రతిసారీ ఈ గొడవ ఎందుకు, స్మార్ట్‌స్క్రీన్‌నే ఆపేస్తే పోదా?

వద్దు. ఆపేస్తే ఈ ఆటకే కాదు, రేపు పొరపాటున దిగే ప్రతి ఫైలుకూ తలుపు తెరిచినట్టే. "Run anyway" ఆ ఒక్క ఫైలుకే అనుమతి ఇస్తుంది. ఆట జిప్‌గా వస్తే, నిర్ధారించుకున్న తర్వాత జిప్ ఫైలుపై కుడి క్లిక్ చేసి, "Properties"లో "Unblock" టిక్ పెట్టి ఆపై విప్పండి. విప్పిన తర్వాత పెడితే లోపలి ప్రతి ఫైలుకూ విడిగా చేయాల్సి వస్తుంది.

"Run anyway" నొక్కాక మళ్లీ పసుపు పట్టీతో అనుమతి అడుగుతోంది. దానికీ ఒప్పుకోవాలా?

అది కంప్యూటర్ మొత్తాన్ని మార్చే నిర్వాహక అధికారం అడగడం. "Program Files"లో ఇన్‌స్టాల్ అయ్యే ఆటకు అది కావాలి. జిప్ విప్పగానే నడిచే ఆటకు సాధారణంగా అక్కర్లేదు, అడిగితే "No" నొక్కి కారణం కనుక్కోండి. కానీ ఆ అనుమతి ఇవ్వలేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. బ్రౌజర్‌లోని పాస్‌వర్డులు, మిమ్మల్ని లాగిన్‌లోనే ఉంచే కుకీలు మీ సొంత విండోస్ ఖాతాలోనే ఉంటాయి. వాటిని దొంగిలించడానికి నిర్వాహక అధికారంతో పనిలేదు.

ముందుగా ఎక్కడైనా విడిగా నడిపి చూడవచ్చా?

విండోస్ ప్రో ఉంటే విండోస్ శాండ్‌బాక్స్ వాడవచ్చు, హోమ్ వెర్షన్‌లో అది లేదు. మూసేయగానే లోపల జరిగినదంతా చెరిగిపోతుంది. బరువైన త్రీడీ ఆటలు అందులో సరిగా నడవకపోవచ్చు. తనను పరీక్షిస్తున్నారని గుర్తించి మౌనంగా ఉండే దొంగ ప్రోగ్రాములూ ఉన్నాయి కాబట్టి, అక్కడ బాగా నడిచిందన్నది ఒక ఆధారమే.

## అనుమానం తర్వాత వస్తే

నడిపేశాను. ఒక నల్లటి పెట్టె మెరిసి మాయమైంది, ఆట మాత్రం తెరుచుకోలేదు. ఇప్పుడేం చేయాలి?

ఇంటర్నెట్ వెంటనే తెంచేయండి. తర్వాత పని ఆ కంప్యూటర్‌లో కాదు, ఫోనులోనో మరో కంప్యూటర్‌లోనో చేయాలి. మొదట ఈమెయిల్ పాస్‌వర్డు మార్చండి, ఎందుకంటే మిగతా ఖాతాలన్నింటినీ తిరిగి పొందే దారి అదే. ప్రతి ఖాతాలోనూ "అన్ని పరికరాల నుంచి బయటకు" అనే అవకాశాన్ని తప్పక వాడండి. దొంగిలించిన కుకీతో లోపలికి వచ్చినవాడికి పాస్‌వర్డుతో, ఓటీపీతో పని ఉండదు, కొన్ని చోట్ల పాస్‌వర్డు మార్చినా అతను లోపలే ఉంటాడు. బ్యాంకు, స్టీమ్, డిస్కార్డ్ తర్వాతి వరుసలో చూసుకోండి.

ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. దొంగ ప్రోగ్రాము నిజంగానే నడిచిందని తేలితే, ఫైళ్లు దాచుకుని విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నేను నమ్మే పద్ధతి. మీ ఖాతా నుంచి స్నేహితులకు ఏమైనా వెళ్లాయేమో చూసి, సిగ్గుపడకుండా వారికి చెప్పండి. డబ్బు పోయి ఉంటే మన దేశంలో 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి.

## ఆట తయారుచేసేవారి నుంచి

నా ఆటకు ఈ తెర రాకుండా నేనేం చేయగలను?

ఈవీ అనే ఖరీదైన రకం సంతకం సర్టిఫికెట్ కొంటే మొదటి రోజునుంచే హెచ్చరిక రాదన్న పాత సలహా ఇప్పుడు చెల్లదు. 2024లో మైక్రోసాఫ్ట్ ఆ ప్రత్యేకతను తీసేసింది. ఇప్పుడు ఏ సంతకమైనా పేరు సంపాదించుకోవలసిందే. అయినా సంతకం వల్ల ఒక లాభం ఉంది: వచ్చిన మంచి పేరు సర్టిఫికెట్‌కు కూడా అంటుకుంటుంది, కాబట్టి తర్వాతి వెర్షన్ మళ్లీ సున్నా నుంచి మొదలుకాదు.

సంతకం కొనలేకపోతే ఆటగాడికి నిర్ధారించుకునే దారులు ఇవ్వండి. ప్రతి వెర్షన్‌కూ ఫైలు పరిమాణం, ఎస్‌హెచ్ఏ-256 విలువ రెండు చోట్ల ప్రకటించండి. జిప్‌కు పాస్‌వర్డు పెట్టకండి. చిన్న మార్పుకల్లా కొత్త ఇన్‌స్టాలర్ పెట్టకుండా, నాలుగైదు సవరణలు కలిపి విడుదల చేస్తే ఒక్కో ఫైలుకు పేరు పెరిగే వ్యవధి దొరుకుతుంది. పేజీలో "హెచ్చరిక వస్తే నొక్కేయండి" అని రాయకండి, దొంగలు రాసేదీ అదే వాక్యం. "ఈ ఆటకు సంతకం లేదు, అందువల్ల నీలం తెర వస్తుంది, ఈ విలువతో పోల్చుకున్న తర్వాతే తెరవండి, ఏదైనా వైరస్ పేరు కనిపిస్తే తెరవకుండా నాకు రాయండి" అని రాయండి.